అంచు నుంచి ముప్ఫై మిల్లీమీటర్లు

స్టెల్లాకి భయం ఎక్కువ. బల్లులంటే, ఉరుములంటే ఉండే భయం కాదు, తప్పు చేశానేమోనన్న భయం. ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినప్పుడే అంత. లెక్క చేసేది, సరిచూసేది, కొట్టేసేది, మళ్ళీ చేసేది. నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టేదాకా ఊపిరి బిగబట్టి బల్ల పక్కనే నిలబడేది. ఆ స్కూల్లోనే వాళ్ళమ్మ శౌరమ్మ మధ్యాహ్న భోజనం వండేది. శౌరమ్మ సాంబారు గురించి చెప్పాలంటే ఒక పుస్తకం అవుతుంది గానీ, ఇప్పుడు కాదు.

పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ డిప్లొమా అయ్యాక స్టెల్లాకి విజయవాడలో ఉద్యోగం వచ్చింది. మొగల్రాజపురంలో జయంత్ గారని ఒక ఆర్కిటెక్టు. ఆఫీసులో ఆయన కాక నలుగురు. నేను రిటైరై పటమటలో ఉంటున్నాను, మా పైవాటా ఖాళీగా ఉంటే తల్లీకూతుళ్ళు అందులోకి దిగారు. అలా నా పాత విద్యార్థిని కాస్తా మా పైవాటా అమ్మాయి అయింది. రోజూ సాయంత్రం మెట్లెక్కబోతూ ఆగి, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో చెప్పి గానీ పైకి పోయేది కాదు.

ఒకరోజు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"దీన్ని గ్రాస్‌హాపర్ అంటారు మాస్టారూ."

"అంటే మిడత కదుటే?"

"మిడతే. కానీ పొలం తినదు, బొమ్మలేస్తుంది."

కంప్యూటర్ ప్రోగ్రాం అంటే ఇంగ్లీషులో బారులు బారులుగా అక్షరాలుంటాయని నా ఊహ. ఇదేమీ అలా లేదు. తెరంతా చిన్న చిన్న డబ్బాలు. ఒక్కో డబ్బాకి ఎడమ పక్క నుంచి తీగలు లోపలికొస్తాయి, కుడి పక్క నుంచి బయటికి పోతాయి. కూడిక డబ్బా ఒకటి, దూరం కొలిచే డబ్బా ఒకటి, వృత్తం గీసే డబ్బా ఒకటి. ఈ డబ్బాలో తేలిన జవాబు తీగ వెంట పక్క డబ్బాలోకి పోతుంది. అన్నిటికంటే ముందు స్లైడర్లు. పాత రేడియోలో స్టేషను మార్చే ముల్లులాగా ఒక గీత మీద చిన్న గుండీ. దాన్ని ఇటూ అటూ జరిపితే అంకె మారుతుంది. అంకె మారితే ఆ తీగల వెంట ఉన్నదంతా మారిపోతుంది, పక్క కిటికీలో బిల్డింగు బొమ్మ కూడా కళ్ళముందే మారిపోతుంది. నాకు భలే నచ్చేసింది. నలభై నిమిషాలు దాన్ని అటూ ఇటూ లాగుతూ కూర్చున్నాను. శౌరమ్మ వచ్చి, "అన్నాలు తినరా ఇద్దరూ?" అని కసిరేదాకా లేవలేదు.

స్టెల్లాకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అక్షరాల్లో రాసే ప్రోగ్రాములు తనకి రావనుకునేది. డబ్బాలూ తీగలూ చూశాక, ఇది బొమ్మే కదా, నేనూ చెయ్యగలను అనుకుందిట. యూట్యూబులో వీడియోలు చూసి ఆర్నెల్లలో నేర్చేసుకుంది. ఆఫీసులో ఆ పని వచ్చేది ఈ అమ్మాయి ఒక్కదానికే.

అసలు సంగతికి వస్తాను. పామర్రు సెంటర్లో వెంకటకృష్ణారావు గారని ఒకాయన కొత్త బిల్డింగు కట్టించారు. కింద షాపులు, పైన రెండంతస్తుల్లో ఫంక్షన్ హాలు. ఆ బిల్డింగు ముందే బస్సులు ఆగుతాయి. కూచిపూడి వైపు, గుడివాడ వైపు, బందరు వైపు పోయేవాళ్ళంతా ఎండొచ్చినా వానొచ్చినా ఆ ముందు గోడ కిందకే చేరతారు. పై రెండంతస్తులకీ ముందు వైపు అల్యూమినియం రేకులు కట్టాలి, రేకుల నిండా గుండ్రటి బెజ్జాలుండాలి, దూరం నుంచి చూస్తే ఆ బెజ్జాల్లో కృష్ణ పారుతున్నట్టు కనపడాలి. ఇదీ ఆయన కోరిక.

స్టెల్లా దీనికి గ్రాస్‌హాపర్‌లో ఒక అల్లిక అల్లింది. ముందు గోడని నూట పన్నెండు రేకులుగా విడగొట్టింది. ప్రతి రేకు మీదా నలభై ఐదు మిల్లీమీటర్ల ఎడంతో చుక్కలు పెట్టింది, మనింట్లో ముగ్గు చుక్కల్లాగే. గోడ మీద నదిలా వంపు తిరిగిన గీత ఒకటి గీసింది. ప్రతి చుక్క నుంచి ఆ గీతకి ఎంత దూరమో ఒక డబ్బా కొలుస్తుంది. దగ్గరుంటే పెద్ద బెజ్జం, దూరమయ్యేకొద్దీ చిన్నది. అతి చిన్న బెజ్జం వ్యాసార్థం ఎంత, అతి పెద్దదాని వ్యాసార్థం ఎంత అన్నదానికి రెండు స్లైడర్లు. పెద్దదాని స్లైడర్ ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఉండేది.

రేకు అంచు వెంట బోల్టులు పడాలి కాబట్టి అక్కడ బెజ్జాలుండకూడదు. అందుకని అంచుకి ముప్ఫై మిల్లీమీటర్ల కంటే దగ్గరున్న చుక్కల్ని ఏరి పారేసే డబ్బా ఒకటి పెట్టింది. దాని పక్కనే పసుప్పచ్చ చీటీలో తెలుగులో రాసుకుంది: అంచు నుంచి 30, బోల్టు చోటు.

ఆగస్టులో జయంత్ గారు వెంకటకృష్ణారావు గారిని ఆఫీసుకి పిలిచి పెద్ద టీవీ మీద చూపించారు. స్టెల్లా మూల కుర్చీలో కూర్చుంది.

"బాగానే ఉంది గానీ, చిల్లుల జల్లెడలాగా ఉందేంటండీ? బస్సులోంచి చూసేవాడికి ఏం కనపడుద్దిది?" అన్నారు ఆయన.

జయంత్ గారు మౌసు పట్టుకుని పెద్దదాని స్లైడర్ని లాగారు. ఎనిమిది, పది, పధ్నాలుగు. లాగేకొద్దీ నది వెడల్పవుతోంది. పద్ధెనిమిది దగ్గర వెంకటకృష్ణారావు గారు బల్ల మీద కొట్టారు.

"ఆఁ! ఇదీ కృష్ణంటే!"

ఆ రోజు స్టెల్లా ఇంటికి ఎగురుకుంటూ వచ్చింది. "ఒక్క డబ్బా కూడా ఎర్రబడలేదు మాస్టారూ! అంత లాగినా ఏదీ తెగలేదు!" అంది. తప్పుంటే డబ్బా ఎర్రబడుతుంది, అనుమానముంటే నారింజ రంగులోకి తిరుగుతుంది. ఆ రోజు అన్నీ బూడిద రంగులోనే ఉన్నాయట. మర్నాడు బేక్ చేసింది. బేక్ అంటే రొట్టె కాల్చడం కాదు, ఆ బొమ్మని ఇక స్లైడర్లు కదిలించలేని అసలు గీతలుగా స్థిరపరచడం. ఆ గీతల ఫైలు ఆటోనగర్‌లో లేజర్ కటింగు షాపుకి పోయింది. రేకులు తయారయ్యాయి, పామర్రు చేరాయి. నవంబరు నెలలో ఒక శనివారానికి బిగించడం పూర్తయింది.

ఆదివారం పొద్దున గుణదల చర్చిలో పూజ నుంచి తల్లీకూతుళ్ళు తిరిగొచ్చారు. సన్నగా జల్లు పడుతోంది. సముద్రంలో వాయుగుండం, మధ్యాహ్నానికి గాలులు పెరుగుతాయి అని టీవీలో చెబుతున్నారు. మెట్ల దగ్గర నేను నిలబడి ఉన్నాను. స్టెల్లా ఫోనులో ఫొటోలు చూపించింది. రేకులు బిగించిన మేస్త్రీ రత్తయ్య, పని అయిపోయిందని వాట్సాప్‌లో పెట్టాడు. నది నిజంగానే పారుతోంది. నాకు ఒళ్ళు పులకరించింది.

"ఎంత బాగుందే!" అన్నాను.

ఆ అమ్మాయి ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. రెండు వేళ్ళతో ఒక ఫొటోని పెద్దది చేస్తోంది. ఇంకా పెద్దది చేసింది.

"మాస్టారూ... ఈ బోల్టు ఎక్కడుంది?"

చూశాను. బోల్టు రేకు అంచుకి ఆనుకుని, దాదాపు బయటికి జారిపోతున్నట్టుంది. దాని వాషరు సగం రేకు మీద, సగం బెజ్జం మీద గాల్లో.

"అంచు నుంచి పదిహేను దగ్గర పడాలి. ఇది ఏడో ఎనిమిదో ఉంది. పడాల్సిన చోట రేకు లేదు మాస్టారూ. బెజ్జం ఉంది."

"నువ్వు ముప్ఫై వదిలావుగా?"

"వదిలాను." రెయిలింగు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. "దేన్నించి వదిలాను?"

నేను మాస్టార్నే గానీ నాకూ చప్పున వెలగలేదు. దానికి వెలిగింది. తెర మీద బెజ్జం మధ్యలో వేలు పెట్టింది. చివరికి అంది, "కేంద్రం నుంచి."

మీకు అర్థమయ్యేట్టు చెబుతాను. కాలవ గట్టు నుంచి ముప్ఫై అడుగులు వదిలి ఇల్లు కట్టమంటే, మనం గోడ నుంచి కొలుస్తాం. ఇంటి మధ్యలో నిలబడి కొలవం. ఈ పిల్ల ప్రతి బెజ్జానికీ మధ్య చుక్క నుంచి కొలిచింది. బెజ్జం చిన్నదిగా ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. వ్యాసార్థం ఆరైతే ముప్ఫైలో ఆరు పోయి ఇరవై నాలుగు మిగులుతుంది. పద్ధెనిమిది చేశాక మిగిలింది పన్నెండు. పదిహేను దగ్గర పడాల్సిన బోల్టు పడేది ఖాళీలోనే. డబ్బా మాత్రం చెప్పిన పని చెప్పినట్టు చేసింది. చుక్క ముప్ఫై దాటి ఉందా, ఉంది. దానికేం తప్పు కనపడుతుంది? ఎందుకెర్రబడుతుంది?

వృత్తాల పాఠం దానికి చెప్పింది నేనే.

జయంత్ గారికి ఫోన్ చేసింది. ఆయన విశాఖలో పెళ్ళిలో ఉన్నారు. వెనక బాజాలు వినపడుతున్నాయి.

"సార్, రేకులు దించాలి సార్."

"ఏంటి? వినపడట్లేదు. రేపు మాట్లాడదాం స్టెల్లా, కంగారు పడకు."

"రేపు కాదు సార్, గాలి..."

పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

స్టెల్లా అక్కడే మెట్ల మీద లాప్‌టాప్ తెరిచింది. మౌసు గురి తప్పుతోంది. చుక్క నుంచి అంచుకి ఉన్న దూరం డబ్బా ఉంది, ప్రతి బెజ్జం వ్యాసార్థం డబ్బా ఉంది. ఆ రెంటి నుంచీ తీగలు లాగి కొత్తగా ఒక తీసివేత డబ్బాలో కలిపింది. దూరంలోంచి వ్యాసార్థం తీసేస్తే మిగిలేదే అసలు రేకు. ఆ మిగిలింది బోల్టుకీ వాషరుకీ కావాల్సిన ఇరవైకి తక్కువున్న బెజ్జం ఒక్కటైనా ఉన్న రేకుల నంబర్లు చెప్పమంది. ఇంకో పసుప్పచ్చ చీటీలో అంకెలు వరసగా దిగాయి. నాలుగు, ఐదు, పదిహేడు, పద్ధెనిమిది... లెక్కపెట్టాం. ముప్ఫై ఒకటి.

"నది గీత రేకుల అంచు దాటే చోట్లన్నీ ఇవే," అంది. "కిందేమో బస్టాపు."

శౌరమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. "ఉజ్జోగం పోద్దేమోనే," అంది మెల్లిగా.

"పోనీ అమ్మా."

ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ధైర్యమేం లేదు. ఆదివారం బట్టలతోనే, లాప్‌టాపు సంచీ చున్నీ కింద దాచుకుని బయల్దేరింది. ఒక్కదాన్నే పంపడం ఎలా? నేనూ చెప్పులేసుకున్నాను.

బస్సు కంకిపాడు దాటేసరికి చెట్లు ఊగుతున్నాయి. కోతకొచ్చిన వరి ఉయ్యూరు దాకా చాప పరిచినట్టు పడుకుని ఉంది. దారి పొడుగునా స్టెల్లా రత్తయ్యకి ఫోన్ చేస్తూనే ఉంది. ఎట్టకేలకు ఎత్తాడు.

"రత్తయ్య గారూ, ముందు ఆ కింద నుంచి జనాన్ని పంపెయ్యండి."

"ఎవరమ్మా? ఓహో, బొమ్మలేసే అమ్మాయా! ఏఁవైందమ్మా?"

"బోల్టులకి చోటు లేదు కదా. మీకు తెలిసే ఉంటుంది."

"మేం అప్పుడే అనుకున్నాంలే అమ్మా. బోల్టు పడే చోట బెజ్జం ఉందేందిరా అని. బొమ్మలో అట్టుంటే మేమేం జేస్తాం? కాస్త అంచుకి జరిపి కొట్టాం. మీ పెద్దోళ్ళకి తెలిసే ఏసుంటారనుకున్నా."

స్టెల్లా కళ్ళు మూసుకుంది. "నాకు తెలీదండీ. వేసింది నేనే."

పామర్రులో దిగేసరికి పన్నెండు దాటింది. జల్లు కాస్తా వానైంది. నేను దేనికి భయపడ్డానో అదే కనపడింది. వాన కదా, జనమంతా ఆ గోడ కిందే ఉన్నారు. ఎంత లేదన్నా నలభై మంది. సంచులు, కోళ్ళ గంప, గొడుగులు, చంకలో పసిపిల్లలు. బల్ల మీద ముగ్గురు ముసలాళ్ళు బీడీలు కాల్చుకుంటున్నారు. వాళ్ళ నెత్తిన రెండంతస్తుల ఎత్తులో కృష్ణ పారుతోంది. గాలి విసిరినప్పుడల్లా పైన ఎక్కడో టప్ టప్ టప్ మని చప్పుడు. తలుపు గడియ పెట్టని ఇంట్లో వినపడుతుంది చూడండీ, అలాంటిది.

స్టెల్లా పైకి చూసి వేలు చూపించింది. "డెబ్భై మూడు."

ఎడమ వైపు పై వరసలో ఒక రేకు మూల లేచి పడుతోంది.

"జరగండి! అందరూ జరగండి! ఇక్కణ్ణించి పొండి!" అని అరిచింది. ఆ గొంతు ఎంత? వాన చప్పుడులో పక్కవాడికే వినపడలేదు. ఒకావిడ తిరిగి చూసి, "వాన్లో ఎక్కడికి పొమ్మంటావే? నీకేమైనా పూనకమా?" అంది. ముసలాళ్ళు నవ్వారు.

అప్పుడు నేను ఒక పని చేశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లల్ని అదిలించిన గొంతు ఒకటి నా దగ్గరుంది కదా, దాన్ని బయటికి తీశాను. "లేవండి! పైన రేకు ఊడుతోంది, లేవండి!" అని అరిచాను. ఒకడు పైకి చూశాడు. వాడు చూడగానే పదిమంది చూశారు. మళ్ళీ టప్ మంది. అంతే, ఎదురుగా హోటలు పందిట్లోకి అందరూ పరుగు. కోళ్ళ గంప బోర్లా పడి రెండు కోళ్ళు రోడ్డెక్కాయి.

ఈ గోలకి వెంకటకృష్ణారావు గారు కారు దిగొచ్చారు. తెల్ల లాల్చీ తడిసి ఒంటికి అంటుకుపోయింది. గురువారం ప్రారంభం, కార్డులు కూడా పంచేశారు.

"ఏంటమ్మాయ్ ఈ గొడవ? నా బిల్డింగు కింద జనం నిలబడకూడదా?"

"వద్దండీ. ముప్ఫై ఒక్క రేకులు సరిగ్గా లేవండీ. బోల్టు పట్టదు."

"నిన్న బాగానే ఉన్నాయిగా?"

"నిన్న గాలి లేదండీ."

ఆయన పైకి చూశారు. డెబ్భై మూడు మళ్ళీ లేచింది. ఆయన మొహం మారింది. ఫోను విని అప్పుడే అక్కడికి చేరిన రత్తయ్య వైపు తిరిగారు. "చూస్తావేంట్రా? నిచ్చెనేసి ఎక్కు. తాడేసి కట్టెయ్. ఊడిపడితే నలుగురిలో నా పరువేంగాను?"

కుడి వైపు పరంజా ఇంకా విప్పలేదు. ఎడమ వైపు విప్పేశారు, అటు నిచ్చెనే గతి. రత్తయ్య తలకి తువ్వాలు బిగించాడు. యాభై దాటిన మనిషి. నిచ్చెన తెచ్చి గోడకి ఆనించి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

స్టెల్లా వెళ్ళి నిచ్చెన పట్టుకుంది. అతన్ని ఎక్కించడానికి కాదు.

"ఎక్కొద్దు రత్తయ్య గారూ."

"ఏందమ్మా?"

"ఎక్కొద్దు. గాలి విసురుతోంది. రేకు మీదికొస్తే మీరు ఏం పట్టుకుంటారు?"

"ఓయ్ అమ్మాయ్," అన్నారు వెంకటకృష్ణారావు గారు. "చేసింది నువ్వా? ఇప్పుడు మా మనిషిని ఆపేదీ నువ్వా? జయంతేడీ? జయంత్‌కి ఫోన్ చెయ్!"

ఆ పిల్లని అదురు పట్టుకుంది, నాకు కనపడుతూనే ఉంది. ఎవరైనా పెద్దవాళ్ళు గొంతు పెంచితే క్లాసులో అది తల వంచి నేల చూసేది, నాకు తెలుసు. ఇప్పుడూ నేలే చూస్తోంది. కానీ నిచ్చెన వదల్లేదు.

"రేకులు పోతే మళ్ళీ కోయించొచ్చండీ," అంది నేలతోనే మాట్లాడుతున్నట్టు. "తప్పు నాది. అంచు నుంచి కొలవాల్సింది కేంద్రం నుంచి కొలిచాను. ఏఏ రేకులో నంబర్లన్నీ నా దగ్గరున్నాయి. గాలి తగ్గాక ఒక్కొక్కటీ దించుదాం. ఇప్పుడు మాత్రం ఎవరూ ఎక్కొద్దు. ఎవరూ కింద నిలబడొద్దు. దండం పెడతానండీ."

రత్తయ్య కాలు నిచ్చెన మీదే ఉంది. ఆయన్ని చూశాడు, ఈమెని చూశాడు. కాలు దించాడు.

"అమ్మాయి చెప్పింది నిజమేనండీ. ఆ బోల్టు కొట్టిన చెయ్యి నాది. అదెంత పట్టుందో నాకు తెలుసు."

వెంకటకృష్ణారావు గారు హోటలు అరుగు మీదికెళ్ళి నిలబడ్డారు. మేం షాపుల్లో బెంచీలూ కుర్చీలూ ఏవి దొరికితే అవి తెచ్చి రోడ్డు వార అడ్డంగా పెట్టి, పరంజా తాడు చుట్టాం. నేను ఒక చివర, రత్తయ్య ఒక చివర, స్టెల్లా మధ్యలో. బస్సు వచ్చినప్పుడల్లా దిగినవాళ్ళు అలవాటుగా గోడ కిందకే ఉరికేవాళ్ళు. వాళ్ళని ఆపడం, పైకి చూపించడం, అటు పంపడం. ఇదే పని. నా కళ్ళజోడు నిండా నీళ్ళు, ఎదుటివాడు ఎవరో తెలియదు. అయినా ప్రతి టప్ కీ తలెత్తి చూసేవాణ్ణి. ఒక్కోసారి చప్పుడు రెండు నిమిషాలు ఆగిపోయేది. అదింకా భయం.

రెండున్నర ప్రాంతంలో, అవనిగడ్డ నుంచి వచ్చిన బస్సులోంచి ఒకావిడ చంటిపిల్లాణ్ణి కొంగులో చుట్టుకుని దిగింది. వానకి తలొంచుకుని తాడు కింద నుంచి దూరి గోడ వైపు పరిగెత్తింది. రత్తయ్య అరిచాడు. నేను అరిచాను. ఆమెకి వినపడలేదు. స్టెల్లా తాడు దాటి పరిగెత్తింది. జబ్బ పట్టుకుని గుంజింది. ఆవిడ తిట్టింది. ఇద్దరూ తడబడి బెంచీ అవతల బురదలో పడ్డారు, పిల్లాడు గుక్కపట్టాడు.

అప్పుడు గాలి విసిరింది.

టప్ మన్న చప్పుడు రాలేదు. గుడ్డ చించినట్టు చర్రున శబ్దం, ఆపైన ఏమీ లేదు. తలెత్తి చూస్తే డెబ్భై మూడు మొత్తం గాల్లో ఉంది. వయ్యారంగా ఒక పల్టీ కొట్టింది, ఆకు రాలినట్టు. ఆ తరవాత నిలువుగా దిగి, ఇందాక ముసలాళ్ళు కూర్చున్న చోట సిమెంటు గచ్చులో అంచుతో కొట్టుకుంది. గచ్చు పగిలింది. ఆ మోత గుడివాడ రోడ్డు దాకా వినపడిందని తరవాత చెప్పుకున్నారు.

పిల్లాడి ఏడుపు, వాన. బస్సు కండక్టరు మెట్టు మీద నిలబడి విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.

వెంకటకృష్ణారావు గారు అరుగు దిగొచ్చారు. రేకుని చూశారు, పగిలిన గచ్చుని చూశారు. బురదలో కూర్చున్న ఆవిణ్ణి లేపి తన కారులో కూర్చోబెట్టారు. షాపు షట్టరు దగ్గరున్న ఇంకో బెంచీని తనే ఈడ్చుకొచ్చి తాడు దగ్గర పెట్టారు.

ఆ తరవాత అరగంటకి జయంత్ గారి ఫోను వచ్చింది. ఎవరో వీడియో పంపారట. స్టెల్లా స్పీకరు పెట్టింది, నేనూ విన్నాను.

"ఎవరికైనా తగిలిందా?"

"లేదు సార్."

ఫోనులో ఆయన ఊపిరి వినపడింది. "అసలేం జరిగింది?"

"అంచు దూరం బెజ్జం కేంద్రం నుంచి కొలిచాను సార్. వ్యాసార్థం తీసెయ్యలేదు. స్లైడర్ ఆరు మీద ఉన్నప్పుడు తెలీలేదు. పద్ధెనిమిదికి లాగితే పట్టుకోవాల్సింది. నేను పట్టుకోలేదు."

లాగింది ఎవరో ఆయనకీ తెలుసు. "రేపు పొద్దున్నే వస్తున్నా. అక్కడే ఉండు," అన్నారు. అంతే. ఉద్యోగం ఉందో పోయిందో ఆ మాటలో తెలియలేదు. స్టెల్లా కూడా అడగలేదు.

చీకటి పడేలోపు ఇంకొక రేకు పడింది, పదిహేడు. అది కూడా చీటీలో ఉన్నదే. చీటీలో లేనిది ఒక్కటీ కదల్లేదు. వాయుగుండం ఒంగోలు వైపు తిరిగిందని ఎనిమిదింటికి చెప్పారు. రాత్రికి రత్తయ్య ఇంట్లో ఉండిపోయాం. వాళ్ళావిడ వేడి వేడి అన్నం పెట్టింది. స్టెల్లా ముద్ద నోట్లో పెట్టుకుని, బయట ఏ తలుపు కొట్టుకున్నా నమలడం ఆపేసేది.

సోమవారం గాలి నెమ్మదించాక, పరంజా మళ్ళీ కట్టి దించడం మొదలుపెట్టారు. జయంత్ గారు వచ్చారు. స్టెల్లా పక్కన నిలబడి లాప్‌టాపులో ఆ తీసివేత డబ్బాని చూశారు. "ఇది మొదట్నించీ ఉండాల్సింది," అన్నారు. స్లైడర్ మీద వేలు పెట్టి, "స్లైడర్ పట్టుకునే ముందు నిన్ను అడిగుండాల్సింది," అన్నారు. ఆ పిల్ల నంబర్లు చదవడం మొదలుపెట్టింది. నాలుగు. ఐదు. పద్ధెనిమిది. రత్తయ్య మనుషులు ఒక్కోటీ తాళ్ళతో దించుతున్నారు. దింపిన ప్రతి రేకునీ టేపుతో కొలిచి, బోల్టుకీ బెజ్జానికీ మధ్య ఎంత రేకుందో రాసుకుంది. కొన్నిచోట్ల నాలుగు. కొన్నిచోట్ల రెండు. ఒకచోట టేపుతో కొలవలేనంత తక్కువ.

మంగళవారం మధ్యాహ్నానికి ఆఖరిది దిగింది. గురువారం ప్రారంభం వాయిదా పడింది. ముందు గోడంతా అక్కడక్కడా పళ్ళూడిన నోరులా ఉంది. రత్తయ్య తాడు విప్పేశాడు, బెంచీలు ఎవరివి వాళ్ళకి పోయాయి.

గూడూరు బస్సు వచ్చింది. దిగినవాళ్ళూ ఎక్కాల్సినవాళ్ళూ ఎప్పట్లాగే నేరుగా ఆ గోడ కిందకి నడిచారు. సంచులు దించుకున్నారు, బీడీలు ముట్టించారు, పగిలిన గచ్చు మీదే ఒకతను చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఒక్కరూ పైకి చూడలేదు.

స్టెల్లా రోడ్డుకి ఇవతల నిలబడి, మిగిలిన ఎనభై ఒక్క రేకుల్నీ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా చూస్తోంది. మా బస్సు వచ్చింది.

"రావే, ఎక్కుదాం," అన్నాను.

"మీరు ఎక్కండి మాస్టారూ. నేను తరవాతి బస్సుకి వస్తాను."